మెమోలో పుట్టిన తేదీ

ఉద్యోగానికి ఎంపికయ్యాను. సర్టిఫికెట్ల పరిశీలనలో ఆపేశారు. పదో తరగతి మార్కుల మెమోలో నేను పుట్టింది 3-6-1996. ఆధార్‌లో 19-11-1999. రెండు నెలల్లో సరిచేసుకు రమ్మన్నారు, లేకపోతే తర్వాతివాళ్లకి ఇచ్చేస్తారు.

మెమోలో ఇంకో తప్పు కూడా ఉంది. ఎడమ భుజం మీద పుట్టుమచ్చ అని రాశారు. నాకు లేదు.

ఒకటి నుంచి పది దాకా చదివిన బడికే వెళ్లాను. పరీక్షల విభాగానికి అర్జీ హెడ్మాస్టరు ద్వారానే వెళ్లాలి, అడ్మిషన్ రిజిస్టరు నకలు జతచేయాలి. గుమస్తా సన్యాసిరావు గారు రిజిస్టరు తీశారు.

"మెమోలో తప్పేం లేదమ్మా. ఇందులోనూ తొంభై ఆరే."

తొంగిచూశాను. సువ్వారి నూకరత్నం, నా పేరే. చేరింది 2001 జూన్. పక్కన ఎర్ర సిరాతో: దీర్ఘకాలం గైర్హాజరు, పేరు తీసివేయడమైనది. దాని కింద: 2004లో తిరిగి చేర్చుకోవడమైనది.

2001 జూన్‌కి నాకు రెండేళ్లు కూడా నిండలేదు.

ఇంటికెళ్లి అమ్మని అడిగాను. చేపలు తోముతోంది, తలెత్తలేదు.

"అది మీ అక్క. ఆ ఏడు వానల్లో జొరమొచ్చి పోయింది. అప్పటిదాకా నిన్ను పాపా అనే పిలిచేవోళ్లం, దాని పేరే నీకెట్టాం."

"మరి బళ్లో?"

"నిన్ను తీసుకెళ్తే మేష్టారు, ఇన్నాళ్లూ ఎందుకు పంపలేదమ్మా అన్నారు. జబ్బు చేసింది బాబూ, ఇప్పుడు బాగుందన్నాను."

"ఎదగలేదేమని అడగలేదా?"

"జబ్బు పిల్ల కదేటే."

"పుట్టుమచ్చో?"

"పదిలో అడిగారు కదా. దానిదే చెప్పాను."

ఆ రాత్రంతా కాదు గానీ, చాలాసేపు నా ఎడమ భుజం తడుముకున్నాను.

ఉన్నదున్నట్టు అర్జీ రాశాను. 2001లో చేరిన విద్యార్థిని మరణించిందనీ, 2004 నుంచి చదివింది నేననీ. నకలు జతచేశాను. హెడ్మాస్టరు చదివి, సంతకం పెట్టే ముందు నన్ను ఓసారి పైనుంచి కిందకి చూశారు.

నలభై రోజులకి జవాబొచ్చింది.

"మెమోలోని తేదీ అడ్మిషన్ రిజిస్టరుతో సరిపోతున్నందున సవరణకు వీలులేదు. సదరు విద్యార్థిని మరణించినట్లు ఏ రికార్డూ లేదు. ఆమె 2014లో పరీక్షలకు హాజరై సంతకాలు చేసినందున జీవించియున్నట్లు భావించడమైనది."

అమ్మకి చదివి వినిపించాను. చివరి వాక్యం మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. కాగితం తీసుకుని కొంగుతో తుడిచింది.

"సూసేవా. ఆళ్లకి తెలుసు."

ఇక మిగిలింది ఒకటే దారి. మెమోని బట్టి ఆధార్ మార్చుకోవడం. మర్నాడు పొద్దున్నే కేంద్రానికి వెళ్తుంటే అమ్మ కూడా వస్తానంది.

కంప్యూటరు ముందున్నాయన మెమో చూశాడు. "పుట్టిన తేదీ ఒక్కసారే మారుస్తారండి. మళ్లీ వెనక్కి రాదు. మార్చేయమంటారా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది, "మార్చేయండి బాబూ."

మిషను మీద వేలు పెట్టమన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లకి పెట్టించినట్టు పెట్టించింది.

"పదవే పెద్దదానా, ఇంటికెళ్దాం" అంది. అమ్మ నన్నెప్పుడూ అలా పిలవలేదు. నేను రెండోదాన్ని.