కొట్టేసిన పాదం

మినప్పప్పు రుబ్బుతూనే తారామణి గణాలు లెక్కపెట్టుకుంది. ఆటవెలది. బేసి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదంలో అయిదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలి. భర్త జనార్ధనరావు బడిలో తెలుగు పంతులు. ఆయన ఇంట్లో చెప్పే ట్యూషన్లు వంటింట్లోంచి విని నేర్చుకుందిదంతా. ఆయన మాత్రం, "పద్యం నీకెందుకు, నేను రాసిస్త కద" అన్నాడు.

అడిగింది ఆయన్ను కాదు. ఉప్పల్‌లోని ప్రయోగశాలలో పనిచేసే స్నేహితురాలు అనంతలక్ష్మి తన పెళ్లికి తారామణినే పద్యాలు చదవమంది. పెళ్లయ్యాక ఉద్యోగం మానాలని కాబోయే అత్త సుశీలమ్మ అప్పటికే చెప్పేసింది.

"నేనడిగితే నోరు పెద్దదంటరు. పద్యంల నువ్వు చెప్తే అందరు వింటరు," అంది అనంతలక్ష్మి.

జనార్ధనరావు కాగితం చూసి, ఆఖరి పద్యంలో రెండో పాదాన్ని ఎర్రసిరాతో కొట్టేశాడు. పైన 'చెలియ మగని మాట చెల్లనిమ్ము' అని రాసి, యతి కూడా కుదిరిందన్నాడు. ఎనిమిదేళ్లుగా ఆయన దిద్దనిది ఆ ఇంట్లో ఏదీ లేదు, పప్పులో ఉప్పుతో సహా.

నాచారంలో పెళ్లి షామియానా కింద ఆమె పేరు పిలిచేసరికి కాగితం తీసుకొని వేదికెక్కింది. భర్త ముందు వరసలోనే కూర్చున్నాడు. మైకులో తన ఊపిరి తనకే వినిపించింది.

తూచి తూచి పోయు దోసెడు బియ్యము
లెక్క తప్పదమ్మ లేశమైన
కాఫి పెట్టమన్న గడియలు లెక్కించు
ఓర్పు నేర్చుకొమ్ము, ఓయి బావ

ప్రయోగశాల వాళ్లు పడీపడీ నవ్వారు. పెళ్లికొడుకు ఉమామహేశ్వర్ కూడా నవ్వాడు. నవ్వులు ఆగాక ఆఖరి పద్యం మిగిలింది. రెండో పాదం దగ్గర ఎర్రసిరా, దాని కింద తన అక్షరాలు. తల దించుకున్న అనంతలక్ష్మిని ఒక్కసారి చూసింది.

ఇల్లు నడుపుకొనుడు ఇద్దరు కలిసియె
చెలియ కొలువు వీడ చెప్పవలదు
నీదు పేరుతోడ నిలబడి తలయెత్తి
నిండు బతుకు బతుకు, నేస్తురాల

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సుశీలమ్మ ముఖం తిప్పుకుంది. ఉమామహేశ్వర్ తల్లి వైపు చూశాడు, పెళ్లికూతురు వైపు చూశాడు.

"మానుమని చెప్ప," అన్నాడు మెల్లగా. మైకు దగ్గరే ఉండటంతో ఆ మాట అందరికీ వినిపించింది. సుశీలమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. అనంతలక్ష్మి తలెత్తింది.

తారామణి వేదిక దిగేసరికి జనార్ధనరావు ఎదురొచ్చాడు. ముఖం నల్లబడింది.

"ఇంటికి నడువు. మాట్లాడుదాం."

మాట్లాడుకోవడమంటే ఆయన మాట్లాడటం, తను గుమ్మం పట్టుకొని నిలబడటం. దగ్గర్లో ఉన్న ఇనుప కుర్చీ లాక్కొని కూర్చుంది.

"గిక్కడనే మాట్లాడుండ్రి," అంది. "నేను గూడ మాట్లాడేదున్నది."