ఒకే పేరున్న రెండు ఫైళ్ళు

పెళ్ళిళ్ళ సీజనంటే లోకానికి బాజాలూ భోజనాలూ గానీ, పలాసలో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేవాడికి మాత్రం వెన్నునొప్పి. ఆ వైశాఖంలో ఎన్ని జంటల చేత తాళి కట్టించాడో ప్రదీప్ కుమార్‌కే గుర్తులేదు. ఢిల్లీరావు వీడియో షాపు వెనక గదిలో ఒక కంప్యూటరూ ఒక ఫ్యానూ ఉన్నాయి. ఫ్యాను గాలి కంప్యూటరుకే, మనిషికి కాదు. ఎవరైనా ఒక్క పూట పడుకోమంటే చాలు, వాళ్ళ కాళ్ళు మొక్కేలా ఉన్నాడు.

అలాంటి రోజున దుర్గాదేవి వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు పనిచేసే మనిషి. ఉద్దానంలో వాళ్ళది చిన్న కొబ్బరితోట. కిడ్నీలు పాడై పెనిమిటి తవిటయ్య రెండు నెలల కిందటే పోయాడు. పోయేముందు, తోటలో మంచం మీద కూర్చుని కెమెరా ముందు మాట్లాడాడు. డయాలసిస్‌కి విశాఖపట్నం దాకా వెళ్ళి రావడంలో మనిషి ఎలా అరిగిపోతాడో, ఆ మెషిన్లు దగ్గర్లో ఉంటే ఎలా ఉంటుందో చెప్పాడు. "నాకెలాగూ లేదు. నా ఎనకాలోల్లకైనా రావాల. నా మాట పదిమందీ ఇనాల" అన్నది అతని కోరిక. ప్రదీపే దాన్ని తీశాడు, నెట్‌లో పెట్టాడు.

"టీవీ వోల్లు ఫోన్ సేసినారు బాబూ" అంది దుర్గాదేవి. "నెట్టులో సూసినారంట. ఆదివారం ఏత్తారంట. గానీ బొమ్మ గల్లుగల్లుగా, మొగం తెలీకుండా ఉందంట. కెమెరాలోది పంపమన్నారు."

"పంపుదాం అప్పా, దానికేటి" అన్నాడు ఆమెను అక్క వరసన పిలిచే ప్రదీప్. రెండు నెలల్లో చెప్పుకోదగ్గ మంచి మాట అదొక్కటే.

తవిటయ్య పేరున్న ఫోల్డరు తెరిచాడు. ఖాళీ. పక్క ఫోల్డర్లో అదే పేరుతో ఒక ఏవీఐ ఫైలుంది. సైజు చూశాడు, తొంభై ఎంబీ. నెట్ కోసం తను కుదించిన చిన్నది. ప్రాణం ఉసూరుమంది.

"మావా, తవిటయ్య పెద్ద ఫైలేది?"

ముందు గదిలో ఫ్రేములు తుడుస్తున్న ఢిల్లీరావు తల దూర్చాడు. "అదా? తీసీసినాను. డిస్కు నిండిపోనాది కదేటి, మందస పెల్లి ఎక్కించాల. సూత్తే రెండూ ఏవీఐలే, పేరూ ఒకటే. ఒకే సినిమా రెండెందుకని పెద్దది తీసీసినాను."

"టేపో?"

అడగడం వృథా అని అడుగుతూనే తెలుసు. ఆ షాపులో టేపు మీదున్నది కంప్యూటరులోకి ఎక్కగానే, అదే టేపు మళ్ళీ కెమెరాలోకి పోతుంది. తవిటయ్య మీద ఇప్పుడు ఎవరిదో అప్పగింతల ఏడుపు ఉంది. డిస్కులో ఢిల్లీరావు ఖాళీ చేసిన చోట మందస పెళ్ళి కూర్చుంది. చెరిపేసినవి వెనక్కి తీసే సాఫ్ట్‌వేరు పెట్టి చూస్తే సగం పెళ్ళికూతురు వచ్చింది, తవిటయ్య రాలేదు.

ఢిల్లీరావు మొహం చిన్నబోయింది. "సిన్నదుంది కదా. దాన్నే మల్లా పెద్దది సేసీ. డీవీలోకి మార్సీ."

"మారుత్తాది మావా. సైజు పెరుగుతాది, బొమ్మ పెరగదు." అరిచే ఓపిక కూడా లేదతనికి. దుర్గాదేవి వైపు తిరిగాడు. ఈమెకు ఎలా చెప్పాలి? "అప్పా, మీ ఫ్యాక్టరీలో ఒకే రకం డబ్బాలో గుండు పప్పూ పోత్తారు, నూకా పోత్తారు కదా?"

"పోత్తాం. మీదున్న సీటీ సూసుకోవాల."

"ఏవీఐ అంటే ఆ డబ్బా. అంతే. పెద్ద డబ్బాలో ఉన్నాది డీవీ, కెమెరా తీసినట్టే. ప్రతి బొమ్మా నిండుగా ఉంతాది, ఎక్కడ కోసినా తెగుతాది. సిన్న డబ్బాలోది డివ్‌ఎక్స్. నెట్టుకి ఎక్కాలని నూరిందన్నమాట. అప్పుడొకటీ ఇప్పుడొకటీ నిండు బొమ్మ దాసి, మద్దెలో ఏది కదిలితే అది మాత్రం రాసుకుంతాది. మీ తోటలో గాలికి కొబ్బరాకులన్నీ కదిలినాయి. ఉన్న చోటంతా ఆకులకే సరిపోనాది, మొగం గల్లయిపోనాది."

"నూకని గుండు సెయ్యలేం" అంది దుర్గాదేవి. గోడకు చేరబడి కూర్చుండిపోయింది. "మెషిన్లు రాకపోతే పోనీ. ఆ మాట పదిమందికీ ఇనిపించమని కదా ఆడు సెప్పినాడు. ఆ ఒక్క పనీ నేను సెయ్యలేకపోనాను."

ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని ప్రదీప్ అనుకున్నాడు. చూసేవాళ్ళకి రెండూ ఒకటే అనిపించేట్టు రెండు ఫైళ్ళకీ ఒకే పేరు పెట్టిన తనను తిట్టుకున్నాడు. పెద్ద ఫైలు పేరు ముందు 'ఒరిజినల్' అన్న ఒక్క ముక్క రాసుంటే చేతికి ఏం అరిగేది!

ఏదో ఒకటి చెయ్యాలి గనక ఆ చిన్న ఫైలునే నడిపించాడు. తెర మీద ముక్కూ కళ్ళూ గళ్ళు గళ్ళుగా జారుతున్నాయి. గొంతు మాత్రం నిలకడగా ఉంది. దగ్గూ ఆయాసం కూడా అలాగే వినబడుతున్నాయి. ప్రదీప్ కుర్చీలో ముందుకు వంగాడు. డబ్బాలో బొమ్మ వేరు, శబ్దం వేరు. రెండూ ఒకే మూత కింద ఉన్నా, రెండింటినీ విడివిడిగానే కుదిస్తారు. బొమ్మను పిండినంతగా తను గొంతును పిండలేదు.

"అప్పా, మొగం పోనాది. మాట ఉంది. మాటని అలాగే బైటికి తీసి, దాని మీద కొత్తగా తీసిన బొమ్మలేత్తాను. తోట, నుయ్యి, మంచం. డీవీలోనే ఉంచి, టేపు మీదకెక్కించి పంపుదాం. నెట్టుకి పంపేది మాత్రం ఆకర్ని నూరతాను."

దుర్గాదేవి గోడ వదిలి లేచింది. "ఒట్టి మంచం సూపిత్తే ఎవులు సూత్తారు? నేను కూకుంతాను" అంది.

మర్నాడు పొద్దున్నే ఆటోలో వెళ్ళారు. ఢిల్లీరావు పిలవకుండానే వచ్చాడు, షాపులో ఉన్న ఒకే ఒక్క కొత్త టేపు జేబులో వేసుకుని. తవిటయ్య గొంతును సీడీ మీద రాసి, బ్యాటరీ ప్లేయరులో పెట్టి మంచం పక్కన ఉంచారు. కెమెరా స్టాండు మీద పెట్టి, "ఏటీ సెయ్యొద్దప్పా, ఇంటూ కూకో సాలు" అన్నాడు ప్రదీప్.

గొంతు మొదలైంది. బస్సులూ రైళ్ళూ, సూది గుచ్చిన చెయ్యీ, తిరుగు ప్రయాణంలో వాంతులూ. దుర్గాదేవి తలవంచుకుని వింది. గాలికి ఆకులు ఆడుతూనే ఉన్నాయి. ఈసారి ఎంత ఆడినా పరవాలేదని ప్రదీప్ అనుకున్నాడు. నిద్రలేని కళ్ళు మూతలు పడుతుంటే వ్యూఫైండరుకు నుదురు ఆనించాడు.

మధ్యలో మాట ఆగింది. దగ్గు. ఆ తర్వాత నీరసంగా, "దుర్గే, కూసిన్ని నీల్లియ్యే" అంది గొంతు.

ఆ ముక్క కోసేద్దామనే అనుకున్నాడు ప్రదీప్. ఈలోగా దుర్గాదేవి లేచింది. లేచి, కుండ దగ్గరకు వెళ్ళి, గ్లాసు ముంచి, చీర చెంగుతో అడుగు తుడిచి, గబగబా మంచం దగ్గరకు వచ్చింది. చెయ్యి చాచింది. అందుకునే మనిషి లేడని అప్పుడు గానీ ఆమెకు తెలియలేదు. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ప్లేయరులో గుటకలు వినబడ్డాయి. ఢిల్లీరావు మొహం అటు తిప్పుకున్నాడు. కెమెరా ఆపాలని ప్రదీప్ వేలు బటను దాకా వెళ్ళింది, నొక్కడానికి మనసొప్పలేదు.

"కూకోయే" అన్నాడు తవిటయ్య. "ఎంతసేపని నిలబడతావు."

దుర్గాదేవి నిండు గ్లాసుతో మంచం మీద ఓ పక్కకు జరిగి కూర్చుంది.