నలభై వరుసల మెయిలు, రెండు వరుసల మెసేజు

కూతురి ప్రింటింగ్ ప్రెస్సులో బిల్లులు చూసేది అమ్మే. డ్రైవింగ్ స్కూలు మాస్టారికి ఆమె రాసిన మెయిలులో, ఆయన అచ్చు వేయించుకున్న కరపత్రాల బాకీ సంగతి ముప్పై ఒకటో వరుసలో వస్తుంది. పైనంతా ఆయన మోకాలినొప్పి, పిల్లల చదువు, ఇంట్లో జరగరానిదేమైనా జరిగి ఉంటే అడిగినందుకు మన్నించమన్న వేడుకోలు. మూడుసార్లు పంపినా ఉలుకూ పలుకూ లేదు.

సాయంత్రంలోగా డబ్బు కట్టకపోతే కాగితం ఇవ్వనన్నాడు కాగితాల వ్యాపారి. కాగితం రాకపోతే రేపటి నోటుపుస్తకాల ఆర్డరు గోవిందా.

"అమ్మా, ఇది రామాయణం. ఎంత, ఎప్పటిలోగా, ఎక్కడ కట్టాలి, అంతే ఉంచు. మెసేజు పెడదాం" అంది కూతురు.

అమ్మ కత్తిరించడం మొదలుపెట్టింది. మోకాలు పోయింది. పిల్లలు పోయారు. ఒక్కొక్క మాట తీసేస్తుంటే ఆయన నొచ్చుకుంటాడేమోనని దిగులుపడుతూనే ఉంది. చివరికి ప్రెస్సు పేరు దగ్గర ఆగింది. ఫోను ఆయన భార్య చేతిలో ఉంటే? మొగుడు ప్రెస్సుకు బాకీ పడ్డాడని తెలిసి ఇల్లు రణరంగమైతే? పేరు కూడా తీసేసి, కొత్తగా తీసుకున్న ఆఫీసు ఫోను నుంచి పంపేసింది.

"బాకీ 18,400. గడువు 10వ తేదీతో ముగిసింది. ఇక్కడ కట్టండి:" అని, కింద లింకు.

పది నిమిషాలకు అమ్మ సొంత ఫోను మోగింది. మాస్టారే.

"పిన్నిగారూ, ఎవరో దొంగవెధవ నాకు లింకు పంపాడు. పేరు లేదు, ఊరు లేదు. తీసిపారేశాను. మీకూ వస్తే నొక్కకండేం. మీరే కదా నాకు చెప్పింది, తెలియని లింకు నొక్కితే ఇల్లు గుల్లవుతుందని?"

ఆ దొంగవెధవను నేనే అని చెప్పలేక, జాగ్రత్త నాయనా అని అమ్మ ఫోను పెట్టేసింది. కూతురు తల పట్టుకుంది. వ్యాపారి లారీ అయిదింటికి వెళ్లిపోతుంది. గడియారంలో నాలుగున్నర.

ఈసారి అమ్మ ముందు ప్రెస్సు పేరు రాసింది. "మీ కరపత్రాల బిల్లు 18,400. గడువు 10వ తేదీ దాటింది. కట్టడానికి:" అని లింకు అతికించింది. కూతురు సరేనంది. కానీ పంపే ముందు అమ్మ వేలు ఆగలేదు. చివర ఇంకో నాలుగు మాటలు చేర్చింది: "మోకాలికి కాపడం పెడుతున్నారా, నాయనా?"

రెండు నిమిషాల్లో డబ్బు పడింది. వెనకే మాస్టారి జవాబు: "ఇది మీరే. ఏ దొంగా ఇలా అడగడు. మీ మెయిళ్లు తీరిగ్గా చదువుదామని దాచుకున్నాను, బిల్లుందని తెలీదు పిన్నిగారూ."

కూతురు వ్యాపారికి డబ్బు పంపి, హమ్మయ్య అని కుర్చీలో వాలింది. అమ్మకు మాత్రం కొత్త దిగులు పట్టుకుంది. అంత డబ్బు రెండు నిమిషాల్లో ఎలా తెచ్చాడు? కొంపదీసి ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకోలేదు కదా?

కీబోర్డు దగ్గరికి లాక్కుంది. క్షేమమేనా అని అడగడానికి ఎన్ని వరుసలు పడతాయో చూడాలి.