నాలుగో ఉదాహరణ

రెబ్కా టీచరుకి ఇంకా మూడు నాలుగు ఉదాహరణలు దొరకాలి. సోమవారం స్కూల్ కాంప్లెక్స్ సమావేశం. చుట్టుపక్కల బడుల తెలుగు టీచర్లు వెనక బల్లల మీద కూచుని చూస్తుంటే ఏడో తరగతి పిల్లలకి ఆమె ఉకార సంధి చెప్పాలి. ఇంత మంది ముందు పాఠం చెప్పమని ఆమెని అడగడం ఇదే మొదలు.

పుస్తకంలో ఉన్నవి వద్దనుకుంది. మొన్న బోర్డు మీద 'రాముడు + అతడు = రాముడతడు' అని రాస్తే శ్రీకృష్ణ అనే పిల్లాడు లేచి, "మా ఊళ్ళో అలా ఎవరూ అనరు టీచర్. అంటే వీడికేదో అయిందనుకుంటారు" అన్నాడు. తరగతంతా ఘొల్లుమంది. ఆమె కూడా నవ్వింది గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. అందుకే ఈసారి పాఠం తిరగేసింది. ముందు ఇంట్లో రోజూ అనుకునే మాట పైకి అనాలి. దాన్ని పిల్లలే విడదీయాలి. కలిపి పలికితే ఏ అచ్చు పోయిందో, ఏది మిగిలిందో వాళ్ళే కనిపెట్టాలి. పదానికి చివర ఉన్న ఉకారం పోయి, తర్వాతి అచ్చు నిలబడుతుందని వాళ్ళ నోటితో వాళ్ళే అన్నాక, ఆఖర్న బోర్డు మీద సూత్రం.

ఇంట్లో మాటలే కదా, ఎంతసేపు అనుకుంది. మూడు రోజులు నోటుపుస్తకం అన్నం బల్ల మీదే ఉంచింది. భర్త జయపాల్ అద్దంకి దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. ఒంటి నిండా కారం ఘాటుతో వస్తాడు, రెండుసార్లు తుమ్ముతాడు, స్నానం చేసి కూచుంటాడు. మూడు రోజులకీ ఆయన నోటి నుంచి దొరికినవి రెండు. 'పప్పుందా.' 'ఉప్పెక్కువైంది.'

"ఏవండీ, ఇంకేమన్నా మాట్లాడండి, రాసుకుంటాను" అంది.

"ఉప్పు తగ్గించు, అప్పుడు మాట్లాడతా" అన్నాడాయన.

అప్పుడు అర్థమైంది రెబ్కాకి. ఇంట్లో మాటలు వాళ్ళిద్దరివీ కావు, మహిమవి. జూన్‌లో గుంటూరు కాలేజీ హాస్టల్లో దింపి వచ్చారు. వద్దన్న పిల్లని, ఇంటరు అక్కడైతే బాగుంటుందని తనే ఒప్పించింది. అంతకుముందు తెల్లారి లేచిన దగ్గర్నుంచి ఆ పిల్ల నోరు మూతపడేది కాదు. జడ వేస్తుంటే చెప్పేది, వేశాక అద్దంలో చూసుకుంటూ చెప్పేది, చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళి మరిచిపోయింది చెప్పడానికి వెనక్కి వచ్చేది. 'కాసేపు ఊరుకోవే తల్లీ' అని ఎన్నిసార్లు కసిరిందో. ఇప్పుడు వంటింట్లో కుక్కరు కూత ఒక్కటే పెద్ద చప్పుడు.

ఆదివారం పది గంటలకి హాస్టలు ఫోను. పది నిమిషాలు. దాని కోసం రెబ్కా జూన్ నుంచీ ఆదివారం ఆరాధనకి ఆలస్యంగానే వెళుతోంది. వెనక వరసలో కూచున్నా పాస్టరుగారి చూపు తప్పించుకోలేకపోతోంది. ఈ ఆదివారం మాత్రం ఫోను పక్కన నోటుపుస్తకం, ఎర్ర పెన్ను కూడా పెట్టుకుని కూచుంది.

"అమ్మా, నువ్వెలా ఉన్నావు? నాన్నెక్కడ?"

నువ్వెలా. గబగబా రాసింది. నాన్నెక్కడ అకార సంధి, అది వేరే రోజుకి.

"గోడౌనుకి వెళ్ళారమ్మా. నువ్వు చెప్పు. మాట్లాడు."

"ఏం చెప్పను. వారమంతా అదే సాంబారు."

వారమంతా. బంగారంలాంటి ఉదాహరణ.

"అఖిల వెళ్ళిపోయింది, నా పక్క మంచం. వాళ్ళ నాన్నొచ్చి తీసుకెళ్ళాడు. ఇప్పుడు గదిలో వాళ్ళెవరూ నాతో మాట్లాడరు."

వాళ్ళెవరూ. "ఊఁ. ఇంకా?"

"నాకిక్కడ బాగోలేదమ్మా."

ఒక్క వాక్యంలో రెండు! రెబ్కా పెన్ను పరుగెత్తింది. "ఆగాగు, మళ్ళీ అను. బాగోలేదమ్మా అన్నావా, బాగాలేదమ్మా అన్నావా?"

అవతల, వెనక ఎవరో అమ్మాయి నవ్వడం వినిపించింది.

"రాసుకుంటున్నావా?" అంది మహిమ.

"రేపు పెద్ద పాఠం ఉందమ్మా. నీ మాటలతోనే చెప్తున్నా పిల్లలకి."

"ఓహో. సరేలే. వెనక లైనుంది, పెట్టేస్తా."

ఇంకా మూడు నిమిషాలుంది. రెబ్కా గడియారం వంక చూసి, క్యూ ఎక్కువున్నట్టుంది అనుకుంది.

ఆ పూటకి ఆరాధన మానుకుని, టీ పెట్టుకుని తీరిగ్గా పాఠ్య ప్రణాళిక రాయడం మొదలుపెట్టింది. ఒకటి, నువ్వు + ఎలా. రెండు, వారము + అంతా. మూడు, వాళ్ళు + ఎవరూ. నాలుగు, నాకు + ఇక్కడ, లేదు + అమ్మా. చార్టు ముక్కలు కత్తిరించి విడి పదాలు రాసింది. నాలుగో దాని పక్కన ఎర్ర పెన్నుతో రెండు టిక్కులు పెట్టి, 'అన్నిటికన్నా మంచిది, చివర అడగాలి' అని రాసుకుంది. పైన ఉపాధ్యాయురాలు చేయవలసింది అన్న చోట, 'విరిచి చదవరాదు. ఇంట్లో అన్నట్టే, ఆ గొంతుతోనే అనాలి' అని తనే రాసింది గనక ఒకసారి అని చూద్దామనుకుంది.

నువ్వెలా ఉన్నావు. వారమంతా అదే సాంబారు. వాళ్ళెవరూ నాతో మాట్లాడరు.

"నాకిక్కడ బాగోలేదమ్మా."

ఖాళీ ఇంట్లో ఆ మాట మహిమ గొంతుతోనే వినిపించింది. చేతిలో చార్టు ముక్క అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల చెప్పింది, తను మళ్ళీ అనమంది, రెండు టిక్కులు పెట్టింది.

హాస్టలుకి ఫోను చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. రెబ్కా చీర మార్చుకోకుండానే అద్దంకి బస్టాండుకి నడిచింది. చిలకలూరిపేట దాటేదాకా నిలబడే ఉంది. కిటికీల్లోంచి పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. పక్క సీట్లో ఒక తల్లి చంటిపిల్లని ఊరుకోబెడుతోంది. ఏదో మాట అన్నప్పుడల్లా రెబ్కా చెవి అలవాటుగా అటు తిరిగింది, మళ్ళీ తనే తిప్పుకుంది.

వార్డెను నాజియా మేడమ్ మంచిదే, రూలు మాత్రం వదలదు. "కలవండి, కాదనను. ఇంటికి తీసుకెళ్ళాలంటే మాత్రం రేపు పది గంటలకి ప్రిన్సిపాల్‌గారు రావాలండి."

మహిమ మెట్లు దిగి వచ్చింది. చిక్కింది. జడ సరిగా లేదు. తల్లిని చూసి నవ్వబోయి ఆగింది.

"పుస్తకం తెచ్చావా?"

"లేదు."

"పెన్ను?"

"అదీ లేదు. ఇటు కూచో. జడ వేస్తా, చెప్పు."

మహిమ చాలాసేపు చెప్పింది. మధ్యలో ఏడ్చింది, మధ్యలో సాంబారు గురించి చెప్పి నవ్వించింది. జడ ఎప్పుడో అయిపోయింది. రెబ్కా విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

సాయంత్రం బయటికి వచ్చి హెడ్మాస్టరు అంకమ్మరావుగారికి ఫోను చేసింది. "సార్, రేపు నేను రాలేనండి. మా పాపని తీసుకురావాలి. మన భవ్య టీచరు చెప్తుంది పాఠం. ప్రణాళిక మా బల్ల మీదుంది, మావారు పొద్దున్నే తెచ్చిస్తారు."

"అదేంటమ్మా, నెల రోజుల్నించి కష్టపడ్డావు! అంతా నిన్ను చూడ్డానికే వస్తున్నారు కదా."

"అన్నీ రాసే ఉన్నాయి సార్. ముక్కలు కూడా కత్తిరించాను. కాకపోతే నాలుగో ఉదాహరణ ఒక్కటి తీసెయ్యమనండి."

"ఏం, తప్పుందా?"

"తప్పేం లేదండి" అంది రెబ్కా. పై అంతస్తు కిటికీలో మహిమ కొత్త జడ ముందుకు వేసుకుని నిలబడి ఉంది. "దాని బదులు ఉప్పెక్కువైంది అని రాయమనండి. అది కూడా మా ఇంటిదే."