రెండా, నాలుగా

సాహిత్య చీటీ తీసుకుంది. విప్పింది. సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్. ఓపెన్ సర్క్యూట్, షార్ట్ సర్క్యూట్ పరీక్షలు చేసి ఈక్వివలెంట్ సర్క్యూట్ విలువలు కనుక్కోవాలి.

మళ్ళీ అదే.

పోయినసారి ఇదే మొయినాబాద్ కాలేజీలో, ఇదే ల్యాబులో, ఇదే ప్రయోగంలో ఫెయిలైంది. ఓపెన్ సర్క్యూట్ అయిపోయాక వోల్టులు పెంచి తగ్గించే డిమ్మర్ నాబు వెనక్కి సున్నాకు తిప్పడం మరిచిపోయింది. నూట పదిహేను వోల్టుల దగ్గరే వదిలి, తీగలు మార్చి, షార్ట్ సర్క్యూట్‌కు స్విచ్ వేసింది. పద్నాలుగు వోల్టులు చాలే చోట నూట పదిహేను. అమ్మీటరు ముల్లు చివరి మేకుకు కొట్టుకుంది. ఫ్యూజు పేలింది. తెల్లని వెలుగు, కాలిన వాసన. ఏడుస్తూ బయటికి పోయింది. తర్వాత ఇంటికి పోయే ముడిమ్యాల బస్సులో కూర్చుని లెక్క వేసుకుంటే డెబ్బై ఆంపియర్లు తేలింది. ఆ లెక్క వేసుకోకున్నా బాగుండేది.

ఈ ల్యాబు పాసైతేనే మార్కుల మెమో వస్తుంది. చేవెళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ల రిపేరు షెడ్డు ముకుందం సేటు టెస్టింగ్ పని ఇస్తానన్నాడు. "మెమో తెచ్చినంక రా బిడ్డ. ఎక్కువ రోజులు ఆపలేను, ఇంకొకల్ని పెట్టుకుంట" అని కూడా అన్నాడు.

"ఏమొచ్చిందే?" పక్క టేబుల్ నుంచి రిత్విక్ అడిగాడు. వాడిదీ సప్లిమెంటరీయే.

చీటీ చూపించింది.

"నీకూ దానికీ ఏదో చుట్టరికం ఉన్నట్టున్నది."

ఆమె చీటీ పక్కన పెట్టి తీగలు అందుకుంది.

ఓపెన్ సర్క్యూట్ నడిచింది. నూట పదిహేను వోల్టుల వైపు సప్లయి ఇచ్చి, రెండు వందల ముప్పై వైపు చివరలు ఖాళీగా వదిలింది. ఆ ఖాళీ చివరలకు ఏమీ తగిలించి ఉండదు, కానీ వేలు పెడితే రెండు వందల ముప్పై. వాటివైపు మోచెయ్యి పోకుండా ఒంటిని ముడుచుకుని నిలబడింది. నాబు తిప్పుతుంటే ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంది. నూట పదిహేను వోల్టులు, ఒకటి పాయింట్ రెండు ఆంపియర్లు, యాభై వాట్లు. ఇనుములో పోయే నష్టం అంతే. నాబు సున్నాకు తెచ్చింది. తెచ్చినట్టు మూడుసార్లు చూసుకుంది.

షార్ట్ సర్క్యూట్‌కు ఇప్పుడు రెండు వందల ముప్పై వైపు సప్లయి. నూట పదిహేను వైపు చివరలు రెండూ లావుపాటి తీగతో కలిపేసింది. వోల్టు మీటరు, అమ్మీటరు, వాట్ మీటరు మార్చింది. ల్యాబ్ అసిస్టెంటు సాముయేలు వచ్చి తీగల వెంట వేలు తిప్పుతూ చూశాడు.

"మంచిగనే ఉన్నది బిడ్డ. నాబు మెల్లగ. జరంత కదిపితే చాలు."

"ఎరికే అన్న."

"ఎరికైతె గంత దూరం నిలబడ్డవెందుకు?"

స్విచ్ వేసేటప్పుడు కళ్ళు మూసుకుంది. ఏమీ పేలలేదు. నాబు కదిపింది. ఈ పరీక్షలో ట్రాన్స్‌ఫార్మర్ అరవదు. చప్పుడు లేకుండానే అమ్మీటరు ముల్లు లేచిపోతుంది. అందుకే దీనికి భయం ఎక్కువ. ఎనిమిది పాయింట్ ఏడు ఆంపియర్ల దగ్గర ఆపింది. వోల్టులు పద్నాలుగు. వాట్ మీటరు ముల్లు నలభై ఐదో గీత మీద. రాసుకుంది, నాబు సున్నాకు తిప్పింది, స్విచ్ తీసింది. ఆ వెంటనే తీగలన్నీ పీకేసింది. లెక్క చూసుకుని పీకాలి. ఆమె చేతులు ఆగలేదు. టేబుల్ ఖాళీ అయ్యాకే ఊపిరి వచ్చింది.

కూర్చుని లెక్క మొదలుపెట్టింది. వాట్ మీటరులో గీతలే వాట్లు కావు. అందులో వోల్టులు అందుకునే ప్రెజర్ కాయిల్ తీగ డెబ్బై ఐదు వోల్టుల చివరకు పెడితే గీతల్ని రెండుతో గుణించాలి. నూట యాభై చివరకు పెడితే నాలుగుతో. నాలుగు వేసింది. నూట ఎనభై వాట్లు. కరెంటు వర్గంతో భాగిస్తే రెసిస్టెన్స్ రెండు పాయింట్ మూడు ఎనిమిది. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే ఇంపిడెన్స్ ఒకటి పాయింట్ ఆరు ఒకటి. ఇంపిడెన్స్ కంటే రెసిస్టెన్సే పెద్దదైంది. రియాక్టెన్స్ కోసం వర్గమూలం తియ్యబోతే లోపల మైనస్ సంఖ్య.

మళ్ళీ వేసింది. మళ్ళీ మైనస్.

తీగ ఏ చివరకు పెట్టింది? గుర్తు లేదు. టేబుల్ మీద ఏ తీగా లేదు.

"సాముయేలన్న," గొంతు తగ్గించి పిలిచింది. "ప్రెజర్ కాయిల్ ఏడ పెట్టిన్నో చూసినవా?"

"ఇన్ని టేబుళ్ళు చూసిన బిడ్డ. పెట్టినవని యాదికున్నది, ఏడ పెట్టినవో యాదికి లేదు."

రిత్విక్ తల వంచి చూశాడు. "ఫికర్ ఎందుకే? రెండు వేసెయ్. తొంబై వాట్లు. ఎవలు చూడొచ్చిండ్రు?"

నాలుగు కొట్టేసి రెండు వేసింది. రెసిస్టెన్స్ ఒకటి పాయింట్ ఒకటి తొమ్మిది, రియాక్టెన్స్ ఒకటి పాయింట్ సున్నా ఎనిమిది. చక్కగా వచ్చింది. చక్కగా వచ్చేసరికి భయం ఇంకా పెరిగింది.

మార్కులు వెయ్యడానికి బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ రామలింగేశ్వరరావు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కొట్టేసిన నాలుగు మీద వేలు పెట్టారు.

"ఇదేంటమ్మా?"

"తప్పు పడ్డది సార్. రెండు."

"రెండని ఎలా తెలిసింది?"

పాసవ్వాలంటే ఏదో ఒకటి చెప్పాలి. నోట్లో అబద్ధం సిద్ధంగానే ఉంది. చివర చూశాను సార్ అంటే అయిపోతుంది.

"రెండైతే లెక్క వస్తది సార్. నాలుగైతే వస్తలేదు."

"లెక్క రావడం సరే. తీగ ఎక్కడుందో చూశావా?"

"లేదు సార్. పీకేసిన."

"లెక్క చూసుకోకుండానే? ఏం, అంత తొందరేం?"

"భయమైంది సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూడమ్మా, వోల్టులూ ఆంపియర్లూ గుణిస్తే నూట ఇరవై రెండు. దానిలోంచి నూట ఎనభై వాట్లు రావు, కాబట్టి నాలుగు కాదు. అది నిజమే. కానీ గీతల్నే తప్పు చదివావేమో? ముల్లు అసలు అక్కడ ఆగిందో లేదో? ఇది నేను ఒప్పుకోను. ఇలా ఇస్తే ఓపెన్ సర్క్యూట్‌కే మార్కులు. పాస్ కావు. టైం ఉంది, మళ్ళీ చేస్తే చూస్తాను. నీ ఇష్టం."

సాహిత్య స్విచ్ వైపు చూసింది. నల్లని పిడి, పక్కన పోయినసారి పొగ పట్టిన గోడ. సున్నం వేశారు, మరక మళ్ళీ పైకి వచ్చింది. ఇంటికి పోవచ్చు. చేవెళ్లలో బస్సు మారేటప్పుడు షెడ్డు ముందు తల దించుకుంటే సరిపోతుంది.

"చేస్త సార్" అంది. చెప్పాక ఆ మాట తనదేనా అనిపించింది.

తీగలు ఒక్కొక్కటే పెట్టింది. ప్రెజర్ కాయిల్ తీగ డెబ్బై ఐదుకు పెట్టి, "డెబ్బై ఐదు" అని పైకే అంది. నాబు దగ్గరికి వంగి సున్నా చూసింది. సాముయేలు చూసి తలూపాడు. పిడి పట్టుకున్న వేళ్ళు జారుతున్నాయి. చున్నీకి తుడుచుకుంది. స్విచ్ వేసింది.

ఈసారి కళ్ళు మూసుకోలేదు. మూస్తే ముల్లు కనపడదు. నాబు కదులుతున్నట్టు తెలియనంత మెల్లగా కదిపింది. మూడు ఆంపియర్లు. ఐదు. చేతిలో నాబు ఒక్కసారి జారి ముల్లు తొమ్మిదికి ఎగిరింది. వెనక్కి తెచ్చింది. ఎనిమిది పాయింట్ ఏడు. పద్నాలుగు వోల్టులు.

"గీత ఎంత?"

"నలభై ఆరు సార్. మీరూ చూడుండ్రి."

ఆయన వంగి చూశారు. "నలభై ఆరే. అంటే?"

"తొంబై రెండు వాట్లు. మొదటిసారి కంటే రెండు ఎక్కువ."

"ఎందుకంటావ్?"

"చుట్లు వేడెక్కినయి గదా సార్. రెసిస్టెన్స్ జర పెరుగుతది."

నాబు సున్నాకు తెచ్చి స్విచ్ తీసింది. సాముయేలు తీగలు విప్పడానికి చెయ్యి పెట్టబోయాడు.

"ఆగన్న!" అరిచినంత పని చేసింది. పక్క టేబుళ్ళ వాళ్ళు తిరిగి చూశారు. "లెక్క కానియ్యి. అప్పటిదాంక ఎవలూ ముట్టకుండ్రి."

నిలబడే లెక్క వేసింది. అంకెలు వంకరగా పడుతున్నాయి. రెసిస్టెన్స్ ఒకటి పాయింట్ రెండు రెండు. వర్గమూలం లోపల ప్లస్. రియాక్టెన్స్ ఒకటి పాయింట్ సున్నా ఐదు. రామలింగేశ్వరరావు గారు కాగితం తన వైపు తిప్పుకుని, "ఇది ఒప్పుకుంటాను" అని మార్కుల గడిలో ఏదో వేసి, సంతకం చేశారు. ఎంత వేశారో ఆమె చూడలేదు. వాట్ మీటరు వైపే చూస్తోంది. తీగ డెబ్బై ఐదు దగ్గరే ఉంది.