ఎనిమిదో స్థానంలో చ పళ్లెం

ముళబాగిలు మామిడి రైతుల సంఘం హాల్లో ఆ ఆదివారం ఉదయం ఒక పొడవాటి బల్ల మీద ఎనిమిది స్టీలు పళ్లేలు పెట్టారు. ఎనిమిదీ ఎనిమిది టెంక చెట్ల పళ్లు. అంటు కట్టినవి కావు, ఎవరో ఎప్పుడో టెంక విసిరితే మొలిచిన చెట్లు. వాటిలో మొదటి మూడు స్థానాల్లో నిలిచిన చెట్ల కొమ్మలు తీసుకుని సంఘం నర్సరీలో అంటు కడతారు. ఏ పళ్లెం ఎవరిదో మాకు తెలియకుండా పళ్లేలకు క, గ, చ, జ, ట, డ, త, ద అని చీటీలు అంటించారు.

రుచి చూసేది ఇద్దరం. ఒకరు పళ్ల మండీ నడిపే చెన్నకేశవ. ముప్పై ఏళ్లుగా ఢిల్లీ దాకా లారీలు పంపినవాడు. రెండోవాణ్ని నేను, సోమశేఖర్. కేజీఎఫ్‌లో కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. తొడిమ దగ్గర వాసన చూసి చెట్టు వయసు చెబుతాడని నాకొక పేరుంది. అందులో సగం అతిశయోక్తి. మిగతా సగం మాత్రం నిజం, నాలుగేళ్ల క్రితం వరకూ.

ఆ ఏడు కోవిడ్ నాకూ మా ఉమాదేవికీ ఒకేసారి వచ్చింది. ఆమె ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు. నేను వచ్చాను, నా ముక్కు రాలేదు. తీపి, పులుపు, ఉప్పు, కారం నాలుకకు తెలుస్తాయి. వాసన లేదు. వాసన లేకుండా మామిడిపండు తింటే చక్కెర నీళ్లలో నానిన మెత్తటి వస్తువు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏడాదికొకసారి ఆ సంఘం వాళ్లు కారు పంపి, నన్ను పిలిచి, ముందు వరుసలో కూర్చోబెడతారు. ఇంట్లో ఒక్కడినే ఉండేవాడికి అది చిన్న సంగతి కాదు. ఈ ఏడు జడ్జీగా కూర్చోమంటే కాదనలేకపోయాను.

ధన్య అనే అమ్మాయి హార్టికల్చర్ కాలేజీలో చివరి ఏడు చదువుతోంది. ఈ పోటీ లెక్కలే ఆమె ప్రాజెక్టు. మా ఇద్దరికీ తలొక కాగితం ఇచ్చి చెప్పింది.

"ఒకటి నుంచి ఎనిమిది దాకా రాయండి సార్. రెండు పళ్లేలకు ఒకే నంబరు వేయొద్దు. రుచి, వాసన, పీచు. ఈ మూడే చూడండి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు."

"ఆయన చేతిరాత చూసినా అర్థం కాదులేమ్మా" అన్నాడు చెన్నకేశవ.

ముక్క తినడం, నాలుగు బొరుగులు నమలడం, గోరువెచ్చని నీళ్లు పుక్కిలించడం, మళ్లీ ముక్క. నీళ్లు పోసేవాడు సుబ్బరాయప్ప. కేజీఎఫ్ బంగారు గనుల మెస్సులో వంట చేసినవాడు, ఇప్పుడు అక్కడే రాబర్ట్‌సన్‌పేటలో టిఫిన్ బండి నడుపుతాడు. మాలో ఒకరు రాకపోతే ఆయన కూర్చోవాలని సంఘం ముందే రాసుకుంది. ఇద్దరం వచ్చాం కాబట్టి ఆయన వెనక వంటగదిలో నీళ్లు కాచుకుంటున్నాడు. నా గ్లాసు చల్లారితే అడగకముందే మార్చేవాడు.

ఎనిమిది ముక్కలు తిన్నాను. ఎనిమిదీ ఒకటే. పీచు ఉన్నవి రెండని పంటికి తెలిసింది, అంతే. కాగితం మీద పెన్ను ఆనలేదు. అంతలో చెన్నకేశవ ఫోను మోగింది. కాగితం బల్ల మీదే వదిలి వరండాలోకి వెళ్లాడు. ధన్య పళ్లేల మీద ఈగలు తోలుతోంది.

చూశాను. ట, క, ద, గ, జ, త, డ, చ.

అదే వరుస రాసుకున్నాను. ముప్పై ఏళ్లు పరీక్ష హాల్లో కాపలా కాసినవాణ్ని. కాపీ కొట్టిన పిల్లలు ఎలా దొరికిపోతారో తెలుసు. అందుకని మూడూ నాలుగూ అటుదిటు చేశాను, ఆరూ ఏడూ అటుదిటు చేశాను. దొరకకుండా ఉండేందుకు ఎంత మార్చాలో అంతే మార్చాను. అలా మార్చిన చెయ్యి నాదే.

ధన్య రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి గోడకున్న తెల్ల బోర్డు మీద లెక్క మొదలుపెట్టింది. రైతులు హాల్లోకి వచ్చారు. ముందు బెంచీలో నంగలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన తిమ్మరాయప్ప, ఆయన వదిన పిల్లమ్మ కూర్చున్నారు.

"ఏం లెక్కమ్మా అది?" అని తిమ్మరాయప్ప అడిగాడు.

"ఇద్దరి వరుసలూ ఎంత కలిసినాయో చూసేది అప్పా. ఒక్కో పళ్లేనికి ఇద్దరూ ఇచ్చిన నంబర్ల తేడా తీసుకోవాల. దాన్ని దాంతోనే గుణించాల. అన్నీ కూడాల. ఇక్కడ నాలుగు పళ్లేలకు ఒకటేసి తేడా, మిగతా వాటికి సున్నా. మొత్తం నాలుగు. దాన్ని ఆరుతో గుణిస్తే ఇరవై నాలుగు. ఎనిమిది పళ్లేలు కదా, ఎనిమిదెనిమిదుల్లో ఒకటి తీసేస్తే అరవై మూడు, దాన్ని ఎనిమిదితో గుణిస్తే ఐదు వందల నాలుగు. ఇరవై నాలుగును దాంతో భాగించి ఒకటిలోంచి తీసేస్తే..." ఫోనులో నొక్కి చూసింది. "పాయింట్ తొమ్మిది ఐదు."

"అంటే?"

"ఇద్దరూ అచ్చంగా ఒకే వరుస రాస్తే ఒకటి వస్తాది. తలకిందులుగా రాస్తే మైనస్ ఒకటి. ఒకరి వరుసకీ ఇంకొకరి వరుసకీ పొత్తే లేకుంటే సున్నా దగ్గర ఉంటాది. పాయింట్ ఐదుకి తగ్గితే ఈ పొద్దు ఫలితం చెప్పకూడదు, వచ్చే ఆదివారం ఐదుగురితో మళ్లీ తినిపించాల అని రూలు. పోయినేడు వేరే జడ్జీలకి పాయింట్ మూడే వచ్చింది, ఎంత గలాటా అయింది. ఇప్పుడు చూడండి." ఆమె మొహం వెలిగిపోతోంది. "నా ప్రాజెక్టులో ఇదే పెద్ద నంబరు సార్."

అందరూ చప్పట్లు కొట్టారు. చెన్నకేశవ నా వైపు వింతగా చూశాడు. "మీరూ నేనూ ఇట్ల కలిసేది ఎప్పుడు సార్? నేను లారీ నోటితో తింటాను. తోలు గట్టిదా, నాలుగు రోజులు ఆగుతాదా అనే చూస్తాను. రుచి చూడమన్నా ఇంగ ఈ బుద్ధి పోదు. మీరు తినేవాళ్ల నోటితో తింటారని కదా ఇద్దర్నీ పెట్టింది?"

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకుంటాను.

ఏ పళ్లెం ఎవరిదో రాసిపెట్టిన కవరు చించి పేర్లు చదివారు. ఎనిమిదో స్థానంలోని చ పళ్లెం పిల్లమ్మది.

తిమ్మరాయప్ప లేచాడు. "సరిపోయె. ఇద్దరు పెద్దోళ్లు ఒకే మాట చెప్పినారు, ఇంగ నాదేం లేదు వదినా. కొట్టేదానికి సామిల్లు వాడికి రేపు రమ్మని చెప్తాను. ఆ చెట్టు నీడకి సగం చేను రాగి పైరు ఎత్తేదే లేదు."

"ఎంపికైతే వదులుతానంటివి" అంది పిల్లమ్మ.

"అయినప్పుడు గదా. ఎనిమిదిలో ఎనిమిదోది."

ఆమె సంచీలోంచి ఒక పండు తీసి నా బల్ల దగ్గరికి వచ్చింది. కోపంగా రాలేదు. అది ఇంకా కష్టం.

"ఏమనుకోవద్దప్పా. ఇది ఒకటి తిని చెప్పు. ఏం తక్కువ దీనికి? మా అత్త పెట్టిన టెంక. పండు మాగినప్పుడు మూడిళ్ల అవతలోళ్లు వాసన చూసి అడుగుతారు. తోలు పలచన, నిజమే. మెత్తగా ఉంటాది, అదీ నిజమే. వాసన మాత్రం... నువ్వు వాసన చెప్పేవాడివంట కదా. అది తెలుసుకుంటే నా మనసు ఊరుకుంటాది."

పండు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. గాలి. కొరికితే తీపి, పీచు లేదు. దాని గురించి ఆమె కంటే నాకు ఒక్క ముక్క కూడా ఎక్కువ తెలియదు. ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది, తీర్పు వినడానికి.

"ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నాను.

ధన్య ఫలితాల కాగితం మీద మా సంతకాల కోసం గీతలు గీస్తోంది. ఆమెను పక్కకు పిలిచాను.

"అమ్మా, ఆ నంబరు కొట్టెయ్యి."

"యాడన్నా తప్పు పోయిందా సార్? మళ్లీ చూస్తాను."

"నీ లెక్క సరిగ్గానే ఉంది. నేను ఆయన కాగితం చూసి రాశాను."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. నా కాగితం, చెన్నకేశవ కాగితం మార్చి మార్చి చూసింది. ఆ రెండు మార్పుల దగ్గర ఆమె వేలు ఆగింది. అప్పుడు అర్థమైంది. అది చూసి నేను కిటికీ వైపు తిరిగాను.

"ఎందుకు సార్?"

"నాకు వాసన తెలియదు. నాలుగేళ్లయింది."

ఆమె రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టింది. తర్వాత మెల్లగా, "రెండు కాగితాలు కలిస్తే ఇద్దరూ సరిగ్గా చూసినారనే అనుకున్నాను సార్. ఒకే నోరు రెండుసార్లు రాసినా ఇంతే వస్తాదని ఆలోచించలేదు" అంది. ఆ మాటలో నన్ను తిట్టలేదు, తననే తిట్టుకుంది. "మీకు ఒంట్లో బాగాలేక తప్పుకున్నారని చెప్తాను. అది చాలు."

అంత మంచి దారి నాకెవరూ చూపించి చాలా కాలమైంది. దాంట్లోకి ఒక అడుగు వేసేవాణ్నే. పిల్లమ్మ పండు ఇంకా నా చేతిలో ఉంది.

హాలు ముందుకు వెళ్లి నేనే చెప్పాను. వాసన లేని సంగతి, చూసి రాసిన సంగతి, దొరకకుండా రెండుచోట్ల మార్చిన సంగతి. చివరి బెంచీలో ఎవరో "లెక్చరరు సారే కాపీనా" అన్నారు. ఇద్దరు నవ్వారు. అది న్యాయమే. చెన్నకేశవ నవ్వలేదు. "నేనే ఫోనుకి పోతా కాగితం బోర్లా పెట్టాల్సింది" అన్నాడు, సగం తప్పు తనదన్నట్టు.

సుబ్బరాయప్పను పిలిచారు. వంటగదిలో ఉన్నవాడు ఏ పేరూ వినలేదు. ధన్య పళ్లేల చీటీలు మార్చి కొత్త అక్షరాలు అంటించి, అందరినీ వరండాలోకి పంపింది. ఈసారి గోరువెచ్చని నీళ్లు నేను పోశాను. ఆయన కళ్లు మూసుకుని తిన్నాడు, ప్రతి ముక్కనీ ముందు ముక్కు దగ్గర ఆపి. ఒక పళ్లెం దగ్గర రెండోసారి ఆగాడు. నేను అటు చూడలేదు.

ధన్య పాత అక్షరాలకు మార్చుకుని వరుస బోర్డు మీద వేసింది. గ, చ, క, ట, త, జ, ద, డ. దాని పక్కన చెన్నకేశవ వరుస. ఒక్క చ పళ్లేనికే ఎనిమిదికీ రెండుకీ మధ్య ఆరు తేడా, ఆరార్లు ముప్పై ఆరు. మొత్తం డెబ్బై నాలుగు. ఆరుతో గుణించింది, ఐదు వందల నాలుగుతో భాగించింది, ఒకటిలోంచి తీసేసింది.

"పాయింట్ ఒకటి రెండు" అంది. గొంతులో ఇందాకటి వెలుగు లేదు. పాయింట్ తొమ్మిది ఐదు మీద గీత కొట్టి కింద కొత్తది రాసుకుంది. "అర కంటే తక్కువ. ఈ పొద్దు ఫలితం లేదు. వచ్చే ఆదివారం ఐదుగురు తింటారు."

"అంటే మా చెట్టు గెలిచిందా, ఓడిందా?" అన్నాడు తిమ్మరాయప్ప.

"రెండూ కాదప్పా. ఇద్దరికీ పొత్తు కుదరలేదు."

పిల్లమ్మ నా దగ్గరికి వచ్చింది. ఏమంటుందో అని నిలబడ్డాను.

"వాసన బొత్తిగా తెలీదా అప్పా? మరి సంగటి ఎట్ల తింటావు?"

"తింటాను, అలవాటు."

"అయ్యో" అంది. ఇచ్చిన పండు వెనక్కి అడగలేదు.

తిమ్మరాయప్ప గుమ్మం దగ్గర ఫోనులో మాట్లాడుతున్నాడు. "రేపు వద్దులే... ఒక వారం ఆగప్పా... ఏమో, ఈళ్లకే తెలీదు, మళ్లీ తింటారంట." ఫోను పెట్టి నా వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

సంఘం కారు బయట నాకోసం ఉంది. డ్రైవరు తలుపు తెరిచాడు. బస్సులో వెళ్తానని చెప్పి, స్టాండు వైపు నడిచాను.