పంపాల్సినవి పది

వెల్డర్లకు పరీక్ష పెట్టడానికి ఆ ట్రైనింగ్ సెంటరు షెడ్డుకి వచ్చిన ఆమెను ఎదురుగా ఉన్నప్పుడు మేడం అనేవాళ్ళు, అటు తిరగగానే పరీక్షమ్మ అనేవాళ్ళు. ఆమెకు రెండూ తెలుసు. ఇరవై ఏళ్ళ క్రితం తనూ ఇలాంటి షెడ్డులోనే మాస్కు పెట్టుకుని పని చేసిన మనిషి. పేర్లు పెట్టడం ఆ పనిలో సగం సరదా.

ఆమె సంచిలో పది ఫోన్లుండేవి. అన్నీ పాతవి, చవకవి, వెనక ఒకటి నుంచి పది దాకా అంకెలు అంటించినవి. ముందురోజే ఆఫీసులో ప్రశ్నపత్రాన్ని వాటిలోకి దించుకుని వచ్చింది. ఎందుకంటే ఆ రేకుల కప్పు కింద సిగ్నల్ అన్న మాటే లేదు. పొద్దున్నే ఆవరణంతా ఫోను చేతిలో పట్టుకుని తిరిగి చూసింది. ఒక్క నీళ్ళ ట్యాంకు నిచ్చెన మీద మాత్రం, సగం దూరంలో ఉన్న ఇనుప అరుగు దగ్గర, ఒక గీత కనిపించింది. అదీ టూజీ నెట్టు, నత్తనడక.

"నెట్టు లేదని కంగారు పడకండి," పదిమందినీ కూర్చోబెట్టి చెప్పింది. "మీరు నొక్కిన ప్రతి జవాబునీ ఫోను అప్పటికప్పుడు తన లోపలే దాచుకుంటుంది. ఏ ప్రశ్నకి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి నొక్కారో కూడా రాసుకుంటుంది. మధ్యలో ఆగిపోయినా, మళ్ళీ ఆన్ చేస్తే ఎక్కడ వదిలారో అక్కడే ఉంటుంది. ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. యాప్ తీసేయడం, డేటా తుడవడం. అది చేస్తే బ్రహ్మదేవుడు కూడా తిరిగి ఇవ్వలేడు."

"మరి మార్కులెప్పుడు మేడం?" అడిగాడు రెప్పలు. పద్దెనిమిదేళ్ళ మంటల వెలుగుకి కళ్ళు దెబ్బతిని, మాటకి నాలుగుసార్లు రెప్పలాడిస్తాడు, అందుకే ఆ పేరు. పని చేతినిండా ఉంది, కాగితం లేదు. కాగితం లేకపోతే పైపులైను కంపెనీ గేటు కూడా దాటనివ్వదు. అందుకని నలభై దాటాక పరీక్షకి కూర్చున్నాడు.

"ఇందులోంచి పైన కంప్యూటరుకి చేరాక. అది 'అందింది' అని జవాబిస్తే ఇక్కడ పచ్చ టిక్కు పడుతుంది. అప్పటిదాకా మీ కష్టమంతా ఈ చిన్న డబ్బాలోనే."

పరీక్ష మొదట్లో, మధ్యలో, చివర్లో ఫోను తనంతట తానే అభ్యర్థి ఫోటో తీసుకుంటుంది. రెండో నంబరు దగ్గర కూర్చున్నవాడి మొహం చూసి పరీక్షమ్మ జాబితాలోని ఫోటో చూసింది. ఇతని ఎడమ చెవి సగం లేదు. ఫోటోలో రెండు చెవులూ నిండుగా ఉన్నాయి. ఐదు, తొమ్మిది కూడా అంతే, వేరే మనుషులు. ముగ్గురూ పని తెలిసినవాళ్ళే, చకచకా నొక్కేస్తున్నారు. ఆమె అక్కడ గొడవ చేయలేదు. ఫోటోలున్నాయి కదా, అవే మాట్లాడతాయి అనుకుంది.

పరీక్ష అయిపోయింది. అందరూ బయట చెట్టు నీడకి పోయారు. మధ్యాహ్నం చేతి పని పరీక్ష. ఆమె ఫోన్లు సర్దుతోంది. ఎనిమిది సంచిలోకి వెళ్ళాయి, మూడూ ఏడూ ఇంకా బల్ల మీద ఉన్నాయి. అప్పుడు ట్రైనింగ్ సెంటరు ఓనరు లోపలికొచ్చి షట్టర్ సగానికి దించాడు. వెనకే అతని మనిషి బండోడు. పేరుకి తగ్గట్టే ఉంటాడు.

"మీరు జాబితాతో మొహాలు పోల్చడం చూశాను. రెండు, ఐదు, తొమ్మిది. ఆ ముగ్గురూ పరీక్షకి రాలేదని రాసుకోండి మేడం. మీకూ మాకూ మంచిది."

"మొదలైన పరీక్షని నేను తుడవలేను సార్. నా చేతిలో లేదు. పైకి వెళ్ళాక వాళ్ళు చూసుకుంటారు."

"ఇంకా వెళ్ళలేదా పైకి?"

ఆమె నోరు జారింది. ఆ మాట ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో. "లేదు. ఇక్కడ నెట్టు లేదుగా. పంపాల్సినవి పది, అలాగే ఉన్నాయి."

ఓనరు ముఖంలో లెక్క కుదిరిన కళ వచ్చింది. బల్ల మీది సుత్తి తీసుకున్నాడు. వెల్డింగు మీది చిట్టెం కొట్టే సుత్తి అది, ఒకవైపు ఉలిలా పదును. మూడో నంబరు ఫోను మీద నాలుగు దెబ్బలు వేశాడు. అది రెండు ముక్కలైంది. ఏడో నంబరు మీద ఒకటి పడింది, అద్దం నుగ్గయింది.

"పరీక్ష మధ్యలో ఫోన్లు పాడయ్యాయి. మళ్ళీ పెడతారు. అంతేగా?" అన్నాడు. "బండోడా, సంచి."

ఆమె సంచిని పొట్టకి హత్తుకుంది. బండోడు అడగలేదు, బెదిరించలేదు. చేతిలోని కడ్డీతో ఆమె ఎడమ మణికట్టు మీద కొట్టాడు. ఎండు కట్టె విరిగిన చప్పుడైంది. అయినా ఆమె సంచి వదల్లేదు.

మూలన వదిలేసిన తన వెల్డింగు మాస్కు కోసం రెప్పలు అప్పుడే షట్టర్ కింద నుంచి వంగి వచ్చాడు. చూశాడు. మాస్కు అందుకుని దాని అంచుతో బండోడి చెవి మీద బలంగా కొట్టాడు. బండోడు మోకాళ్ళ మీద కూలాడు.

"పరిగెత్తు తల్లీ!"

ఆమె పరిగెత్తింది. షట్టర్ కింద దూరుతూ వెనక్కి చూసింది. ఓనరు రెప్పలుని బల్ల మీదికి నెట్టి, అతని కుడిచేతిని అదిమిపెట్టి, సుత్తి దించాడు. ఒకసారి. మళ్ళీ. ఆ కేక విని చెట్టు కింద వాళ్ళంతా లేచారు.

రోడ్డు వైపు గేటుకి తాళం ఉంది. మిగిలింది నీళ్ళ ట్యాంకు. సంచి పట్టీని పళ్ళతో పట్టుకుని, ఒంటి చేత్తో నిచ్చెన ఎక్కి, ఇనుప అరుగు మీద చతికిలబడింది. తన సొంత ఫోనులో హాట్‌స్పాట్ పెట్టింది. ఒక గీత.

ఎనిమిదింటినీ ఒకేసారి కలిపితే ఆ సన్నని దారిలో ఏదీ ముందుకి పోదు. అన్నీ సగం సగం ఆగి గడువు మీరతాయి. ఒక్కొక్కటే పంపాలి. ముందు ఏది? నిజాయితీగా రాసినవాళ్ళవా? ఒక్క క్షణం ఆలోచించి రెండో నంబరు తీసింది. ఆ మూడూ పైకి చేరితే ఇక ఏ ఫోను పగలగొట్టినా ఓనరుకి లాభం లేదు. అప్పుడే మిగతావి బతుకుతాయి.

రెండో నంబరులో వైఫై ఆన్ చేసింది. జవాబులు కాస్తంత బరువు, గుటుక్కున పోయాయి. ఫోటోలే భారం. ముక్కలు ముక్కలుగా వెళ్తున్నాయి. ఒకటి. రెండు. మూడు. పచ్చ టిక్కు. తర్వాత ఐదో నంబరు. మధ్యలో సిగ్నల్ పోయింది. ఆమె తన ఫోనుని తలపైకి ఎత్తి పట్టుకుంది. గీత మళ్ళీ వచ్చింది. ఆగిన ముక్క దగ్గర నుంచే మొదలైంది. టిక్కు.

తొమ్మిది ఆన్ చేస్తుండగా నిచ్చెన కదిలింది. బండోడు ఎక్కుతున్నాడు. చెవి నుంచి నెత్తురు కారుతోంది.

"మీ జవాబులన్నీ ఈ సంచిలోనే ఉన్నాయిరా!" ఆమె కిందికి అరిచింది. "వీళ్ళు పగలగొడుతున్నారు!"

అప్పటిదాకా ఏం జరుగుతోందో తెలియక నిలబడ్డవాళ్ళకి, షెడ్డులోంచి రక్తపు చెయ్యి పట్టుకుని తూలుతూ వచ్చిన రెప్పలు కనిపించాడు. వెనకే సుత్తితో ఓనరు. ఇంక ఎవరూ ఎవరి మాటా వినలేదు. ఆరుగురు ఒక్కడి మీద పడ్డారు. కడ్డీలు లేచాయి. ఓనరు మొహం మొదటి నిమిషంలోనే ఎవరిదో గుర్తుపట్టలేనట్టు అయిపోయింది. మిగిలిన ముగ్గురు, వేరేవాళ్ళ పేరుతో రాసినవాళ్ళు, గోడ దూకారు.

పైన బండోడి చెయ్యి ఆమె కాలి మడమని పట్టుకుంది. తొమ్మిదో నంబరులో రెండు ఫోటోలు వెళ్ళాయి, మూడోది సగంలో ఉంది. అతను లాగాడు. ఆమె నడుము అరుగు అంచు దాకా జారింది. రెండో కాలితో అతని ముక్కు మీద తన్నింది. వదల్లేదు. మళ్ళీ తన్నింది, మళ్ళీ, మెత్తగా ఏదో విరిగేదాకా. పట్టు వదిలింది. మనిషి లేడు. కింద సిమెంటు మీద బరువైన చప్పుడు.

ఆమె కిందికి చూడలేదు. తెర చూసింది. టిక్కు పడ్డాక అప్పుడు చూసింది. బండోడు పక్కకి పడి ఉన్నాడు, ఒక కాలు ఉండకూడని దిక్కుకి తిరిగి ఉంది. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

"చంపకండ్రా!" కింద రెప్పలు గొంతు. చెయ్యి చంకలో అదిమిపెట్టుకుని ఓనరు మీద అడ్డంగా పడ్డాడు. "వీడు చస్తే మనకెవడూ కాగితం ఇవ్వడు, జైలు ఇస్తారు! వదలండి!" అతని వీపు మీద రెండు దెబ్బలు పడ్డాక గానీ చేతులు ఆగలేదు.

పోలీసులు వచ్చేలోపు ఆమె మిగతా ఐదింటినీ పంపింది.

మూడూ, ఏడూ మిగిలాయి. ఆఫీసులో ఫోన్లు చూసుకునే అతను గట్టిగా చెప్పాడు: "అక్కా, దేన్నీ రీసెట్ చేయనివ్వకు. జవాబులు తాళం వేసి ఉంటాయి, ఆ ఫోన్లోనే తెరుచుకుంటాయి. తీసి వేరేదాంట్లో పెట్టేవి కావు. అద్దమే పోతే అద్దం మార్పించు చాలు. మూడు రోజులలోపు పంపితే పైన తీసుకుంటారు, ఏ ప్రశ్నకి ఎప్పుడు నొక్కారో లోపలే ఉందిగా."

మర్నాడు చేతికి కట్టుతో రిపేరు షాపులో కూర్చుంది. ఏడో నంబరుకి కొత్త అద్దం వేసి ఆన్ చేశారు. యాప్ తెరుచుకుంది. పంపాల్సినది ఒకటి. షాపు వైఫైలో రెండు సెకన్లు పట్టలేదు. మూడో నంబరుని భూతద్దం కింద చూసి షాపతను తల అడ్డంగా ఊపాడు. లోపలి పలక మధ్యకి విరిగింది. జ్ఞాపకం దాచుకునే చిప్పు పొడి అయింది. పైకి వెళ్ళలేదు, ఇక్కడా లేదు. ఆ మనిషి మళ్ళీ కొత్త పేపరు రాయాల్సి వచ్చింది. "అన్నీ సరిగ్గా పెట్టానండీ, ఒట్టు," అని చాలా రోజులు అందరికీ చెప్పుకున్నాడు. నమ్మడం తప్ప ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

ఆ ముగ్గురి ఫోటోలూ ఆఫీసుని కదిలించాయి. సెంటరు మూతపడింది. ఓనరు ఆసుపత్రి నుంచి నేరుగా జైలుకి వెళ్ళాడు. కొట్టిన ఆరుగురి మీద కూడా కేసు పెట్టారు.

రెప్పలుకి యాభైకి నలభై నాలుగు. ఆ మాట చెప్పడానికి ఆమె ఆసుపత్రికి వెళ్ళేసరికే అతని కుడిచేతికి రెండు వేళ్ళు తీసేసి ఉన్నారు. రెప్పలాడిస్తూ విన్నాడు. "చేతి పని పరీక్ష ఇంకా ఉందిగా మేడం," అన్నాడు. "ఎడమ చేతికి నేర్పాలి. మొండిది అది." ఐదు నెలలు పట్టింది. ఆమె సాక్షి కాబట్టి వేరే మనిషి వచ్చి పరీక్ష పెట్టాడు. మొదటిసారి తప్పాడు, రెండోసారి గట్టెక్కాడు.

బండోడు బతికాడు. తుంటి అతికింది గానీ కర్ర లేనిదే నడవలేడు, బెయిలు మీద బయటున్నాడు. వాయిదా రోజున కోర్టు వరండాలో బల్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమె ఎదురుగా నిలబడిపోయింది.

"ఒకటి అడగనా," అన్నాడు. "నేను పడ్డప్పుడు ముందు నన్ను చూశావా, ఫోను చూశావా?"

అబద్ధం చెప్పడానికి నోట్లో మాట సిద్ధంగానే ఉంది.

"ఫోను," అంది.

"అనుకున్నా," అన్నాడు. కర్ర తీసి అవతలికి పెట్టుకుని, బల్ల మీద ఆమెకి చోటిచ్చాడు.

ఆమె కూర్చుంది.